పుస్తకాల బరువు మోసే ఫ్లోటింగ్ షెల్ఫ్: లెక్క వేసి, గోడ చూసి, బిగించే విధానం

కింద ఎటువంటి ఆధారమూ కనబడకుండా, గోడలోంచే మొలిచినట్టు నిలిచే షెల్ఫ్‌ను ఫ్లోటింగ్ షెల్ఫ్ అంటారు. నిజానికి దానికి ఆధారం ఉంటుంది, కాకపోతే అది పలక లోపల దాగి ఉంటుంది. గోడకు స్క్రూలతో బిగించే ఒక ఇనుప పట్టీ, ఆ పట్టీకి వెల్డింగ్ చేసిన రెండు మూడు కడ్డీలు, ఆ కడ్డీల మీదికి తొడిగే చెక్క పలక, ఇంతే దాని నిర్మాణం. చిన్న ఫొటో ఫ్రేములు, పూలకుండీలాంటి తేలికపాటి వస్తువులు పెట్టే షెల్ఫ్‌తో పెద్దగా చిక్కు రాదు. చిక్కంతా పుస్తకాల షెల్ఫ్‌తోనే వస్తుంది. అందుకే సిమెంటు ప్లాస్టరింగ్ చేసిన ఇటుక గోడకు 90 సెంటీమీటర్ల పుస్తకాల షెల్ఫ్‌ను బిగించే పనిని ఉదాహరణగా తీసుకుని, ఎంపిక దగ్గర నుంచి బిగింపు దాకా వరుసగా వివరిస్తాను. మిగతా రకాల గోడలకు ఎక్కడ పద్ధతి మారుతుందో ఆయా చోట్ల చెబుతాను.

నేను మొట్టమొదట బిగించిన షెల్ఫ్ మూడు వారాలు బాగానే ఉంది. నాలుగో వారంలో దాని పై అంచుకూ గోడకూ మధ్య పోస్టుకార్డు దూరేంత సందు కనిపించింది. పుస్తకాలు దించి స్క్రూ విప్పబోతే, స్క్రూను పట్టి ఉంచడానికి గోడ రంధ్రంలో దూర్చే ప్లాస్టిక్ ప్లగ్ కూడా స్క్రూతో పాటు చేతికి వచ్చేసింది. ప్లగ్‌కు అంటుకున్న పొడి బూడిద రంగులో ఉంది, ఎక్కడా ఎరుపు లేదు. అంటే ఆ ప్లగ్ ఇటుక దాకా పోనే లేదు, ప్లాస్టరింగ్ పూతలోనే ఆగిపోయింది. స్క్రూ మంచిదే, బ్రాకెట్ మంచిదే, ప్లగ్ కూడా మంచిదే. వాటిని పట్టి ఉంచవలసిన చోటే తప్పు. ఆ తరువాత బిగించిన ప్రతి షెల్ఫ్‌కూ నేను ముందు లెక్క వేస్తున్నాను, ఆ పైన గోడను పరీక్షిస్తున్నాను, డ్రిల్లింగ్ మిషన్ చివరకే పట్టుకుంటున్నాను.

ముందు లెక్క: షెల్ఫ్ స్క్రూను కిందికి లాగదు, బయటికి పీకుతుంది

బరువు కిందికి లాగుతుంది కాబట్టి స్క్రూ తెగిపోతుందేమోనని చాలామంది భయపడతారు. 26 కిలోల బరువును 5 స్క్రూలు పంచుకుంటే ఒక్కొక్కదానిపై కిందికి పడే భారం 5 కిలోల పైచిలుకు మాత్రమే, దానికి ఏ స్క్రూ తెగదు. అసలు ప్రమాదం వేరే దిక్కు నుంచి వస్తుంది. మేకు పీకే సుత్తిని గుర్తు చేసుకోండి. పొడవైన పిడిని ఒక వైపు వంచితే, చిన్న తల దగ్గర మేకు ఎంతో బలంగా పైకి వస్తుంది. షెల్ఫ్ ముందు అంచు ఆ పిడి లాంటిది, గోడకు ఆనుకున్న పట్టీ కింది అంచు ఆ సుత్తి ఆనుడు చోటు లాంటిది, పట్టీలో ఉన్న స్క్రూ ఆ మేకు లాంటిది. షెల్ఫ్ ఎంత వెడల్పుగా ముందుకు వస్తే పిడి అంత పొడవవుతుంది. పట్టీ ఎంత పొట్టిగా ఉంటే పీకే బలం అంత పెరుగుతుంది.

ఇప్పుడు ఉదాహరణకు వద్దాం. షెల్ఫ్ పొడవు 90 సెంటీమీటర్లు, గోడ నుంచి ముందుకు వచ్చే వెడల్పు 22 సెంటీమీటర్లు. పుస్తకాల బరువును ఊహించవద్దు, తూచి చూడండి. మీరు పెట్టదలచిన పుస్తకాల్లోంచి 30 సెంటీమీటర్ల వరుసకు సరిపోయేటన్ని తీసి, మనుషులు బరువు చూసుకునే మిషన్ మీద పెడితే చాలు. నా దగ్గర ఆ వరుస 7 కిలోలు తూగింది కనుక 90 సెంటీమీటర్లకు 21 కిలోలు అవుతుంది. మందపాటి కాగితం వాడిన బొమ్మల పుస్తకాలు, అట్ట కట్టిన పెద్ద నిఘంటువులు ఉంటే ఇది చాలా ఎక్కువ ఉంటుంది. పలక, బ్రాకెట్ కలిపి 5 కిలోలు అనుకుంటే మొత్తం 26 కిలోలు.

ఈ 26 కిలోలు గోడ నుంచి సగటున 12 సెంటీమీటర్ల దూరంలో ఉన్నాయనుకుందాం, ఎందుకంటే పుస్తకాలను ముందు అంచుకు సమంగా సర్దే అలవాటు చాలామందికి ఉంటుంది. 26ను 12తో గుణిస్తే 312 వస్తుంది. ఇక్కడితో ఆగకూడదు. పై అరలో ఉన్నదేదో అందుకోవడానికి ఎవరో ఒకరు ఏదో ఒక రోజు ముందు అంచు మీద చెయ్యి ఆనించి బరువు వేస్తారు. దానికి 10 కిలోలు కేటాయించండి. అది గోడకు 22 సెంటీమీటర్ల దూరంలో పడుతుంది కనుక 220 అవుతుంది. రెండూ కలిపితే 532. ఈ అంకెను పట్టీ కింది అంచు నుంచి స్క్రూల వరుస ఎంత ఎత్తులో ఉందో ఆ సెంటీమీటర్లతో భాగిస్తే, స్క్రూలన్నింటినీ కలిపి గోడ నుంచి బయటికి పీకే బలం కిలోల్లో తెలుస్తుంది.

సన్నటి షెల్ఫ్‌లతో వచ్చే పట్టీ 4 సెంటీమీటర్ల ఎత్తు ఉండి, స్క్రూ రంధ్రాలు సరిగ్గా మధ్యలో ఉంటే, ఆ ఎత్తు 2 సెంటీమీటర్లే. 532ను 2తో భాగిస్తే 266 కిలోలు. 26 కిలోల షెల్ఫ్, స్క్రూలను 266 కిలోల బలంతో పీకుతోంది. అదే షెల్ఫ్‌ను కాస్త మందంగా చేయించి, 6 సెంటీమీటర్ల పట్టీ వేసి, స్క్రూ రంధ్రాలను కింది అంచు నుంచి 4.5 సెంటీమీటర్ల ఎత్తులో పెట్టిస్తే, అది 118 కిలోలకు దిగిపోతుంది. పుస్తకాలు అవే, గోడ అదే, బలం సగానికన్నా తక్కువ. ఇక పలక కింద కనబడే మామూలు ముక్కోణపు బ్రాకెట్ వేసి, దాని నిలువు కాలు ఆనే చోటు నుంచి పై స్క్రూ దాకా 20 సెంటీమీటర్లు ఉంటే, అది కేవలం 27 కిలోలు. ఫ్లోటింగ్ షెల్ఫ్ అందానికి మనం చెల్లిస్తున్న మూల్యం ఎంతో ఈ మూడు అంకెలు పక్కపక్కన పెట్టుకుంటే తెలుస్తుంది. గోడ బలహీనమని తేలితే, కనబడే బ్రాకెట్‌కు మారడంలో తప్పేమీ లేదని నా అభిప్రాయం.

ఈ లెక్కలో ఒక సూక్ష్మం ఉంది. పట్టీ కింది అంచు ఆనే చోట పూత మెత్తనిదైతే అది కొద్దిగా నలిగి, ఆనుడు చోటు కాస్త పైకి జరుగుతుంది. అప్పుడు స్క్రూకూ ఆనుడుకూ మధ్య దూరం ఇంకా తగ్గి, పీకే బలం మరికొంత పెరుగుతుంది. కాబట్టి మనకు వచ్చిన 118ని కనీసపు అంకెగానే చూడాలి. పైగా 5 స్క్రూలు ఉన్నంత మాత్రాన 118ని సమానంగా పంచుకోవు. గోడ కాస్త ఎగుడుదిగుడుగా ఉంటే రెండు స్క్రూలే ముందు లాగబడతాయి. అందువల్ల సగటున 24 కిలోలు వచ్చినా, ఒక్కొక్క ప్లగ్ 50 కిలోలు నిలబెట్టగలిగేలా చూసుకుంటాను. ప్లగ్‌ల డబ్బా మీద కొన్ని కంపెనీలు గోడ రకాన్ని బట్టి సురక్షితమైన లోడ్‌ను ముద్రిస్తాయి. చూడవలసింది దాన్ని, ప్లగ్ ఊడిపోయే గరిష్ఠ లోడ్‌ను కాదు. షెల్ఫ్ డబ్బా మీద "30 కిలోలు" అని రాసి ఉంటే అది ఏ గోడకు, ఎంత వెడల్పు పలకకు, బరువు ఎలా సర్దితే వర్తిస్తుందో చెప్పనంత వరకు ఆ అంకెను నమ్ముకోవద్దు.

షెల్ఫ్‌ను ఎంచుకోవడం

లెక్క చేతిలో ఉంటే ఎంపిక సులభమవుతుంది. పుస్తకాలకు అవసరమైనంత వెడల్పే తీసుకోండి. మామూలు పుస్తకాలకు 20 నుంచి 22 సెంటీమీటర్లు చాలు. 30 సెంటీమీటర్ల పలక చూడటానికి నిండుగా ఉంటుంది కాని, అదే పుస్తకాలు 16 సెంటీమీటర్ల దూరానికి జరిగి, చెయ్యి ఆనే అంచు కూడా దూరమై, మన 532 కాస్తా 716 అవుతుంది. మందం విషయంలో మాత్రం పిసినారితనం పనికిరాదు, ఎందుకంటే పట్టీ ఎత్తు పలక మందంలోనే ఇమడాలి. పుస్తకాలకు 6 సెంటీమీటర్ల పట్టీ ఇమిడేంత మందం ఉన్న షెల్ఫ్‌నే నేను తీసుకుంటాను.

కడ్డీలు పలక వెడల్పులో కనీసం మూడింట రెండు వంతుల దాకా రావాలి. 22 సెంటీమీటర్ల పలకకు 15 సెంటీమీటర్ల కడ్డీ అన్నమాట. 12 మిల్లీమీటర్ల ఇనుప కడ్డీలు, ఒకదానికొకటి 30 నుంచి 40 సెంటీమీటర్ల దూరంలో ఉంటే, 90 సెంటీమీటర్ల షెల్ఫ్‌కు మూడు సరిపోతాయి. పలక ప్లైవుడ్‌దో గట్టి చెక్కదో అయితే మంచిది. పార్టికల్ బోర్డులో కడ్డీ దూరే రంధ్రం అంచులు కాలక్రమేణా నలిగి, రంధ్రం కోడిగుడ్డు ఆకారానికి సాగుతుంది. బ్రాకెట్ కదలకపోయినా పలక ముందుకు వాలుతుంది.

గోడ ఏ రకమో తెలుసుకోవడం

గోడను వేలి కణుపులతో తట్టి చూడటం మొదటి పరీక్ష. గట్టి గోడ చప్పుడు మింగేస్తుంది, బోలు గోడ డప్పులా మోగుతుంది. అయితే తట్టడంతో తెలిసేది కొంతే. అసలు సంగతి డ్రిల్ పొడి చెబుతుంది. పట్టీ వెనుక దాగిపోయే చోట, 5 లేదా 6 మిల్లీమీటర్ల బిట్‌తో ఒక పరీక్ష రంధ్రం వేయండి. మిషన్‌ను నెమ్మదిగా తిప్పండి, రంధ్రం కింద ఒక తెల్ల కాగితాన్ని మడిచి గోడకు అంటించండి.

ఇటుక గోడలో మొదట బూడిద రంగు ఇసుక పొడి రాలుతుంది, అది ప్లాస్టరింగ్. కొంత లోతు పోయాక పొడి ఎర్రగా మారుతుంది. రంగు మారిన క్షణాన మిషన్ ఆపి, బిట్ ఎంత లోపలికి పోయిందో కొలవండి. అదే మీ పూత మందం. ఈ ఒక్క అంకె కోసమే పరీక్ష రంధ్రం వేస్తున్నాం. నా ఉదాహరణలో అది 18 మిల్లీమీటర్లు. ఎంత లోతుకు పోయినా పొడి ఎర్రగా మారకుండా, బిట్ సులువుగా దిగిపోతూ బూడిద రంగు ఇసుకే వస్తుంటే, రెండు ఇటుకల మధ్య ఉన్న సిమెంటు మాలులో పడ్డారని అర్థం. మాలు ఇటుక అంత గట్టిగా ప్లగ్‌ను పట్టదు కనుక రంధ్రాన్ని రెండు సెంటీమీటర్లు పైకో కిందికో జరపండి. పరీక్ష రంధ్రం ఇక్కడ ఇంకో రకంగా కూడా పనికొస్తుంది: మాలు వరుస తగిలిన ఎత్తు తెలిస్తే పట్టీ రంధ్రాలన్నింటినీ దానికి దూరంగా ఉంచేలా షెల్ఫ్ ఎత్తునే కాస్త సర్దుకోవచ్చు.

పొడి మెత్తగా, లేత బూడిద రంగులో ఉండి, బిట్ ముందుకు కదలడానికి మొరాయిస్తే అది కాంక్రీటు. దానికి మామూలు డ్రిల్ కాకుండా రోటరీ హ్యామర్ కావాలి. పని కష్టమే కాని, పట్టు అన్నింటికన్నా బాగుంటుంది. మధ్యలో లోహం తగిలి బిట్ ఆగిపోతే అది ఇనుప ఊచ అయి ఉంటుంది. బలవంతం చేయకుండా రంధ్రం చోటు మార్చండి.

పొడి తెల్లగా రాలుతూ బిట్ వెన్నలో దిగినట్టు దిగితే అది గాలి బుడగలతో చేసిన తేలికపాటి బ్లాక్ గోడ. ఇందులో మామూలు ప్లగ్ వ్యాకోచించినప్పుడు చుట్టూ ఉన్న బ్లాకే నలిగి పొడి అయిపోతుంది. ఆ బ్లాక్‌ల కోసమే చేసిన ప్లగ్‌లు దొరుకుతాయి, వాటినే వాడండి, బిట్‌ను కొడుతూ తిప్పే హ్యామర్ మోడ్ ఆపేసి మామూలు తిప్పుడుతోనే రంధ్రం వేయండి. అవి వాడినా కాంక్రీటులో దొరికే పట్టులో కొంత భాగమే దొరుకుతుంది కనుక స్క్రూల సంఖ్య పెంచాలి, పుస్తకాలు తగ్గించాలి.

బిట్ కొంత దూరం పోయి, చటుక్కున ఖాళీలోకి దూసుకుపోతే అది బోలు ఇటుక గానీ జిప్సం బోర్డు గానీ అయి ఉంటుంది. బోలు ఇటుకలో జాలీ గొట్టం పెట్టి, అందులోకి కెమికల్ యాంకర్ జిగురు ఎక్కించి బిగించడం నమ్మదగిన పద్ధతి. ఇక్కడ కూడా హ్యామర్ మోడ్ వాడితే ఇటుక లోపలి పలుచని గోడలు పగిలిపోతాయి. జిప్సం బోర్డు విషయంలో నా మాట సూటిగా చెబుతాను: బోర్డును మాత్రమే పట్టుకునే యాంకర్‌ల మీద పుస్తకాల ఫ్లోటింగ్ షెల్ఫ్‌ను వేయవద్దు. బోర్డు వెనుక నిలువు ఫ్రేములు సాధారణంగా 40 లేదా 60 సెంటీమీటర్ల దూరంలో ఉంటాయి. గోడ మీద ఒక అయస్కాంతాన్ని జరుపుతూ పోతే బోర్డు స్క్రూల వరుస దగ్గర అతుక్కుని వాటి జాడ చెబుతుంది. చెక్క ఫ్రేములైతే కనీసం రెండింటికి పట్టీ నేరుగా బిగియాలి. రేకుతో చేసిన పలుచని ఫ్రేములైతే లోపల ప్లైవుడ్ వేయించకుండా ఈ బరువు పెట్టడం సరికాదు.

చోటు నిర్ణయించడం

స్విచ్‌బోర్డుకు, ప్లగ్ సాకెట్‌కు నేరుగా పైనా కిందా ఉన్న గోడను వదిలేయండి, ఎందుకంటే వైరు పైపులు చాలావరకు ఆ నిలువు దారిలోనే వస్తాయి. రెండు బోర్డులు ఒకే ఎత్తులో ఉంటే వాటి మధ్య అడ్డంగా కూడా పైపు పోయి ఉండవచ్చు. స్నానాల గది, వంటగది గోడలకు వెనుక వైపున నీటి పైపులు ఉంటాయన్నది మరచిపోవద్దు. వైర్లు కనిపెట్టే డిటెక్టర్‌తో చూసుకున్నా సరే, రంధ్రం వేసేటప్పుడు ఆ గోడలోని సర్క్యూట్ ఆపేసి, మరో గది నుంచి కరెంటు తెచ్చుకోవడమో బ్యాటరీ మిషన్ వాడటమో మంచిది.

ఇటుక గోడ చివరి అంచుకు, తలుపు లేదా కిటికీ అంచుకు 10 సెంటీమీటర్లకన్నా దగ్గరగా ప్లగ్ వేయవద్దు. వ్యాకోచించిన ప్లగ్ ఇటుక మూలను చీల్చగలదు. చెమ్మ పట్టి పూత ఉబ్బిన గోడకు, తట్టినప్పుడు పూత ఇటుకను వదిలేసినట్టు గుల్లగా మోగే చోటుకు షెల్ఫ్ వేయకూడదు. తల పెట్టుకుని పడుకునే చోటు పైన పుస్తకాల షెల్ఫ్ వద్దు, బిగింపు మీద ఎంత నమ్మకం ఉన్నా సరే. రాసుకునే బల్ల పైన అయితే, బల్ల ఉపరితలం నుంచి 45 సెంటీమీటర్లు వదిలితే ముందుకు వంగినప్పుడు తల తగలదు.

బిగించడం

పట్టీని గోడకు ఆనించి, ముందు రెండు చివరలూ ఒకేసారి ఆనుతున్నాయో లేదో చూడండి. ఒక చివర నొక్కితే రెండో చివర లేస్తోందంటే మధ్యలో పూత ఉబ్బుగా ఉంది. ఆ ఉబ్బును గరుకు కాగితంతో తగ్గించండి లేదా పల్లం ఉన్న చోట స్క్రూ దగ్గర వాషర్లు పెట్టండి. ఇది చూసుకోకుండా బిగిస్తే పట్టీ గోడ వంపుకు తగ్గట్టు వంగుతుంది, కడ్డీలు మూడూ మూడు దిక్కులు చూస్తాయి, పలక వాటి మీదికి ఎక్కదు.

రసమట్టం పెట్టి షెల్ఫ్ ఎత్తులో పెన్సిల్‌తో గీత గీయండి. అన్ని రంధ్రాలనూ ఒకేసారి గుర్తించి వేయాలని తొందరపడవద్దు. ఇటుకలో బిట్ ఒకటి రెండు మిల్లీమీటర్లు పక్కకు జరగడం మామూలే. ఒక చివర రంధ్రం వేసి, ప్లగ్ పెట్టి, పట్టీని ఒకే స్క్రూతో వదులుగా తగిలించండి. రసమట్టం చూసి రెండో చివర రంధ్రాన్ని పట్టీలోంచే గుర్తించండి. ఈ రెండూ కుదిరాకే మధ్యవాటికి వెళ్లండి.

ఇక లోతు. నా ఉదాహరణలో పూత 18 మిల్లీమీటర్లు, ప్లగ్ మందం 10, పొడవు 50 మిల్లీమీటర్లు. ప్లగ్ మొత్తం ఇటుకలోనే ఉండాలంటే రంధ్రం లోతు 18, 50 కలిపి 68. అడుగున పొడి చేరడానికి మరో 10 కలిపి 78, అంటే 80 మిల్లీమీటర్లు. బిట్ కొన నుంచి 80 మిల్లీమీటర్ల దగ్గర రంగు టేపు చుట్టుకుంటే లోతు తప్పదు. స్క్రూ పొడవు పట్టీ మందం 4, పూత 18, ప్లగ్ 50, ప్లగ్ కొన దాటడానికి స్క్రూ మందమంత అంటే 7, వెరసి 79. కాబట్టి 80 మిల్లీమీటర్ల స్క్రూ. షెల్ఫ్‌తో పాటు డబ్బాలో వచ్చే చిన్న స్క్రూలు ఈ లెక్కకు చాలావరకు సరిపోవు, వాటిని పక్కన పెట్టండి. పొట్టి ప్లగ్‌కు బదులు పైన నున్నగా, కింది భాగం మాత్రమే వ్యాకోచించే పొడవాటి ప్లగ్‌లు కూడా దొరుకుతాయి. మందమైన పూత ఉన్న గోడకు అవే హాయి.

రంధ్రాన్ని మొదట హ్యామర్ లేకుండా మొదలుపెట్టండి, అప్పుడు పూత పెళ్లగా ఊడదు. ఇటుక తగిలాక అవసరమైతేనే హ్యామర్ మోడ్ వేయండి. మిషన్‌ను గోడకు లంబంగా పట్టుకుని, కంటి అద్దాలు, మాస్కు పెట్టుకోండి. రంధ్రం పూర్తయ్యాక అందులోని పొడిని గాలి పంపుతోనో సన్నటి బ్రష్‌తోనో బయటికి తీయండి. ఈ పనిని వదిలేస్తే ప్లగ్ ఇటుకను పట్టుకోదు, పొడిని పట్టుకుంటుంది.

ప్లగ్‌ను సుత్తితో మెల్లగా కొట్టి పూత అంచు దాకా పంపి, అక్కడి నుంచి స్క్రూను రెండు మూడు చుట్లు తిప్పి ప్లగ్‌లో నిలిపి, ఆ స్క్రూ తల మీద తట్టుతూ ప్లగ్‌ను పూత దాటించి ఇటుకలోకి దింపండి. స్క్రూను చేతి స్క్రూడ్రైవర్‌తోనో స్పానర్‌తోనో బిగించండి. మిషన్‌తో అయితే బిగుసుకున్నదో తిరుగుతూనే ఉన్నదో చేతికి తెలియదు. మంచి పట్టు ఉన్నప్పుడు చివరి నాలుగైదు చుట్లకు బలం క్రమంగా పెరుగుతూ వచ్చి, స్క్రూ తల పట్టీని నొక్కాక గట్టిగా ఆగుతుంది. బలం పెరగకుండా తిరుగుతూనే ఉంటే ప్లగ్ కూడా స్క్రూతో పాటు తిరుగుతోందన్నమాట. అలాంటి రంధ్రంలో అగ్గిపుల్లలు కుక్కి సరిపెట్టవద్దు. ఒక సైజు పెద్ద ప్లగ్‌కు రంధ్రం పెంచండి, లేదా కెమికల్ యాంకర్‌తో నింపి, అది పూర్తిగా గట్టిపడ్డాకే బరువు వేయండి.

పలక తొడగక ముందే ఒక్కొక్క కడ్డీ మీద రసమట్టం పెట్టి చూడండి. కొన దగ్గర వెంట్రుకవాసి పైకి ఉండటం మేలు, బరువు పడ్డాక అది సమానమవుతుంది. కిందికి ఉంటే మాత్రం పట్టీ కింది వైపు పలుచని వాషర్ పెట్టి సరిచేయండి. ఆ తరువాత పలకను రెండు చేతులతో, రెండు చివరలూ సమానంగా జరుగుతూ ఉండేలా లోపలికి తోయండి. కింది నుంచి కడ్డీకి బిగించే చిన్న స్క్రూ ఉంటే వేయండి, లేకపోతే వెనుక అంచుకు కాస్త సిలికాన్ పెట్టండి. జిగురుతో శాశ్వతంగా అంటించవద్దు, మున్ముందు స్క్రూలు బిగించాలంటే పలక బయటికి రావాలి.

బరువు పెట్టి చూడటం, వాలితే కారణం కనిపెట్టడం

ఖాళీ షెల్ఫ్ ముందు అంచు నేల నుంచి ఎంత ఎత్తులో ఉందో రెండు చివరలా, మధ్యలో కొలిచి రాసుకోండి. పుస్తకాల్లో సగం పెట్టి ఒక రోజు ఆగండి, మిగతా సగం పెట్టి మళ్లీ కొలవండి, వారం తరువాత ఇంకోసారి కొలవండి. మొదటి రోజు ఒకటి రెండు మిల్లీమీటర్లు దిగడం సహజం, ఎందుకంటే కడ్డీకీ రంధ్రానికీ మధ్య ఉన్న వదులు సర్దుకుంటుంది. ఆ పైన వారం వారం దిగుతూనే ఉంటే మాత్రం ఏదో ఒకటి లొంగిపోతోంది.

అది ఏదో తెలుసుకోవడానికి షెల్ఫ్‌నూ గోడనూ కలిపే పై అంచు దగ్గర ఒక కాగితాన్ని దూర్చి చూడండి. కాగితం దూరితే ముందు అనుమానించవలసింది స్క్రూలను. వెంటనే పుస్తకాలు దించండి, పలక తీయండి, పట్టీని చేత్తో ముందుకు లాగి చూడండి. పట్టీ కదిలితే స్క్రూలు బయటికి వస్తున్నట్టే. వాటిని మళ్లీ బిగించినంత మాత్రాన లాభం లేదు, ఒకసారి జారిన ప్లగ్ మళ్లీ జారుతుంది. ప్లగ్‌ను బయటికి తీసి దానికి అంటిన పొడి రంగు చూడండి. బూడిద రంగైతే లోతు చాలలేదు, ఎరుపైతే రంధ్రం వదులైంది లేదా బరువు లెక్క మించింది. పట్టీ కదలకుండా గట్టిగా ఉంటే, పట్టీ కింది అంచు వెంబడి గోడను చూడండి. అక్కడ రంగు పగిలి సన్నటి గీత పడి, పూత లోపలికి నొక్కుకుపోయి ఉంటే, పట్టీకీ గోడకూ మధ్య 3 మిల్లీమీటర్ల ఇనుప రేకును అడ్డంగా పెట్టి, దాని మీదుగా బిగిస్తే ఒత్తిడి విశాలంగా పంచబడుతుంది.

కాగితం ఎక్కడా దూరకుండా, పట్టీ గోడకు అతుక్కునే ఉండి, ముందు అంచు మాత్రం వాలితే గోడ తప్పేమీ లేదు. పలక తీసి కడ్డీల మీద రసమట్టం పెట్టండి. కడ్డీ వంగి ఉంటే అది ఈ బరువుకు సన్నం, బ్రాకెట్ మార్చాలి. కడ్డీ వంగకుండా తిన్నగానే ఉంటే పలకలోని రంధ్రం సాగింది. ఆ రంధ్రం లోపలి పై భాగంలో, కడ్డీ పొడవునా పలుచని లోహపు రేకును వంచి దూర్చితే వదులు పోతుంది, పార్టికల్ బోర్డు పలకైతే దాన్ని ప్లైవుడ్ పలకతో మార్చడమే మంచిది.